అరవై రూపాయలకు రాయి పగులుతుందా?

టెండరులో ఒక రేటు మరీ తక్కువగా కనిపిస్తే శాఖ రాసే లేఖ, దాని వెనక నడిచే లెక్క

ప్రైస్ బిడ్లు తెరవగానే అందరి చూపూ పట్టిక అడుగున ఉన్న మొత్తం మీదికి పోతుంది. ఎవరు ఎల్-1, ఎవరు ఎల్-2 అన్నది అక్కడే తేలిపోతుంది. అసలు చదువు మాత్రం మర్నాడు మొదలవుతుంది. డివిజన్ ఆఫీసులో ఒక ఏఈ, ఒక డీఈ శాఖ ఎస్టిమేట్‌ను పక్కన పెట్టుకుని, ఎల్-1 పట్టికను పైనుంచి కిందికి ఒక్కో ఐటమ్ చొప్పున చదువుతారు. అలా చదువుతుండగా ఒక వరుస దగ్గర పెన్సిల్ ఆగిందనుకుందాం. గట్టి రాయి తవ్వకం, క్యూబిక్ మీటరుకు 60 రూపాయలు. శాఖ ఎస్టిమేట్‌లో అదే పనికి 600.

సున్నా ఒకటి జారిపోయిందా? ఆ కాంట్రాక్టరు దగ్గర మిగతావాళ్లకు తెలియని కిటుకేదైనా ఉందా? లేక ఆ అరవై వెనక ఇంకేదైనా లెక్క ఉందా? బిడ్ పత్రాన్ని ఎంతసేపు చూసినా ఈ సంగతి తెలియదు. వేసినవాడినే అడగాలి. ఫోన్ చేసి అడగకూడదు, ఆఫీసుకు పిలిపించి టీ తాగుతూ అడగకూడదు. కాగితం మీద, ఫైలులో నిలిచేలా అడగాలి. అందుకోసం రాసేదే టెండరు క్లారిఫికేషన్ లేఖ. పేజీన్నర దాటని ఈ కాగితం సరిగా రాస్తే, నిజంగా చౌకగా చేయగలిగిన కాంట్రాక్టరు నిలబడతాడు, జూదం ఆడినవాడు బయటపడతాడు. సరిగా రాయకపోతే ఇద్దరూ ఒకే వాక్యం రాసి పంపుతారు, శాఖకు ఏమీ తెలియదు.

లెస్ వేసే టెండరు, రేటు వేసే టెండరు

తెలుగు రాష్ట్రాల్లో కాంట్రాక్టర్ల మాటల్లో తరచూ వినిపించే పదం ‘లెస్’. ‘ఆ రోడ్డు పని 18 శాతం లెస్‌కు పోయింది’ అంటారు. మన ఇంజనీరింగ్ శాఖల్లో చాలా పనులకు పర్సంటేజ్ టెండర్లే పిలుస్తారు. ప్రతి ఐటమ్‌కూ రేటు శాఖే వేస్తుంది. కాంట్రాక్టరు మొత్తం మీద ఇంత శాతం ఎక్కువ, ఇంత శాతం తక్కువ అని ఒకే అంకె వేస్తాడు. ఇలాంటి టెండరులో ఒక్క ఐటమ్ రేటే పాతాళానికి పోయే అవకాశం లేదు. తగ్గితే అన్నీ ఒకే నిష్పత్తిలో తగ్గుతాయి.

మొత్తంగా మరీ లెస్ వేసేవాళ్ల విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల శాఖ 2003 జులై 1న జీవో 94లో ఒక ఏర్పాటు చేసింది. 25 శాతం దాకా లెస్ అయితే అదనపు సెక్యూరిటీ ఏదీ అక్కర్లేదు. అది దాటితే, ఎస్టిమేట్‌లో 75 శాతానికీ వేసిన మొత్తానికీ మధ్య ఉన్న తేడాను అగ్రిమెంట్ సమయంలో బ్యాంకు గ్యారంటీగానో డీడీగానో కట్టాలి. కోటి రూపాయల పనిని 30 శాతం లెస్‌కు, అంటే 70 లక్షలకు వేసినవాడు 5 లక్షలు అదనంగా కట్టాలన్నమాట. ఇక్కడ ఎవరూ ఎవరినీ వివరణ అడగరు. లెక్క దానంతట అదే నడుస్తుంది.

ఐటమ్ రేటు టెండరు వేరు. అక్కడ శాఖ పనుల జాబితా, పరిమాణాలు మాత్రమే ఇస్తుంది. ఒక్కో వరుసకు రేటు కాంట్రాక్టరే నింపుతాడు. ప్రపంచ బ్యాంకు అప్పుతో నడిచే పనుల్లో, కేంద్ర సంస్థల టెండర్లలో ఈ పద్ధతి ఎక్కువగా కనిపిస్తుంది. మొత్తం చూస్తే మామూలుగానే ఉండి, లోపల ఒక రేటు నేలమీద, ఇంకో రేటు ఆకాశంలో ఉండే వీలు ఇక్కడే ఉంది. లేఖ అవసరం పడేదీ ఇక్కడే.

ఎంత తక్కువైతే మరీ తక్కువ?

దీనికి ఒక గీత గీసి, దాని కిందికి పోయినవాళ్లను తోసేస్తే సరిపోదా అనిపిస్తుంది. ఇటలీలో మిలాన్ నగరపాలక సంస్థ అలాగే చేసింది. 1990 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం స్టేడియం పనులకు టెండర్లు పిలిచి, ఒక సూత్రం ప్రకారం లెక్కగట్టి, ఆ గీతకు దిగువనున్న బిడ్లను నేరుగా తిరస్కరించింది. అలా పోయినవాళ్లలో ఒకరైన ఫ్రతెల్లి కోస్తాంజో కంపెనీ కోర్టుకెక్కింది. 1989 జూన్‌లో యూరోపియన్ న్యాయస్థానం కంపెనీ వాదనతో ఏకీభవించింది. అంకెల సూత్రంతో వాటంతట అవే బిడ్లు కొట్టేయడం కుదరదనీ, తన ధర నిజమైనదేనని నిరూపించుకునే అవకాశం బిడ్డరుకు ముందు ఇవ్వాలనీ చెప్పింది. ఇప్పుడు అమల్లో ఉన్న 2014 నాటి యూరప్ ఆదేశంలోనూ అదే విధానం ఉంది. ధర అసాధారణంగా తక్కువగా కనిపిస్తే వివరణ అడిగి తీరాలి. ఆ తక్కువకు కారణం కార్మిక చట్టాలను ఉల్లంఘించడమేనని తేలితే మాత్రం తిరస్కరించి తీరాలి.

భారత ఆర్థిక శాఖ వెలువరించిన సేకరణ మాన్యువల్ కూడా ఇదే దారిలో నడుస్తుంది. ఆ ధరకు పని చేయగలడా అన్న గట్టి అనుమానం కలిగించేంత తక్కువగా ఉన్న బిడ్‌ను అది అసాధారణంగా తక్కువ బిడ్ అంటుంది. అలాంటప్పుడు రాతపూర్వకంగా వివరణ, ధరల విశ్లేషణ అడగవచ్చు. అది చూశాక కూడా చేయగలడన్న నమ్మకం కుదరకపోతే తిరస్కరించవచ్చు. ఎస్టిమేట్ కంటే ఇంత శాతం తగ్గితే చాలు అసాధారణమే అని ముందే అంకె పెట్టుకోవడం మాత్రం మంచిది కాదని ఆ మాన్యువల్ చెబుతుంది.

గీత లేకపోయినా, ఎక్కడ ఆగి చూడాలో చెప్పే గుర్తు ఒకటి కావాలి కదా. ప్రపంచ బ్యాంకు 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో అలాంటి గుర్తులు రెండున్నాయి. బిడ్లు ఐదుకన్నా తక్కువ వస్తే, ఎస్టిమేట్ కంటే 20 శాతమో అంతకుమించో తగ్గినదాన్ని ఆపి చూడాలి. ఐదో అంతకన్నా ఎక్కువో వస్తే బిడ్లనే ఒకదానితో ఒకటి పోల్చాలి. సగటు తీసి, అందులోంచి ఒక ప్రామాణిక విచలనం తీసేయాలి. బిడ్లు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే అంకె అది. ఉదాహరణకు బిడ్లు కోటి, 97, 95, 93, 70 లక్షలు అనుకుందాం. సగటు 91 లక్షలు. చెదురు సుమారు 11 లక్షలు. అంటే 80 లక్షల దగ్గర గుర్తు పడుతుంది. 70 లక్షలవాడికి లేఖ వెళ్లాలి. గుర్తుకు కింద ఉన్నంత మాత్రాన అతను ఓడినట్టు కాదు. అడగవలసిన మనిషి అతనేనని అర్థం, అంతే.

సున్నా విషయంలో మాత్రం అడగడం కూడా లేదు. సెక్యూరిటీ గార్డులు, హౌస్‌కీపింగ్ వంటి మనుషుల సరఫరా టెండర్లలో సర్వీస్ చార్జీని సున్నాగా వేసి గెలవాలని చూసేవాళ్లు ఉండేవారు. అలాంటి బిడ్‌ను పరిగణనలోకి తీసుకోవద్దని 2014లో కేంద్ర ఆర్థిక శాఖ చెప్పింది. తన ఖర్చులకు ఒక్క రూపాయి కూడా తీసుకోనన్నవాడు ఆ ఖర్చును గార్డు జీతంలోంచో పీఎఫ్‌లోంచో తీస్తాడేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

లేఖలో ఏముంటుంది

ఒక పని ఊహించుకుందాం. వాగు నుంచి చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ తవ్వాలి, దాని మీద రెండు తూములు కట్టాలి. ఐటమ్ రేటు టెండరు. ఎల్-1 పట్టికలో మూడు రేట్లు తేడాగా ఉన్నాయి. ఈఈ రాయవలసిన లేఖ ఇలా ఉంటుంది.

విషయం: ఫీడర్ కాలువ తవ్వకం, తూముల నిర్మాణం. ప్రైస్ షెడ్యూల్‌లోని 3, 4, 11 ఐటమ్‌ల రేట్లపై వివరణ కోరడం గురించి.

ఆర్యా,

మీ బిడ్‌ను పరిశీలించగా, ఈ కింది ఐటమ్‌లకు మీరు వేసిన రేట్లు ఆయా పనులకు అయ్యే ఖర్చుతో పొసగడం లేదని కమిటీ గమనించింది.

ఐటమ్ 3: సాధారణ నేల తవ్వకం, 3,000 క్యూబిక్ మీటర్లు, రేటు రూ.450.
ఐటమ్ 4: గట్టి రాయి తవ్వకం, 2,000 క్యూబిక్ మీటర్లు, రేటు రూ.60.
ఐటమ్ 11: తూములకు ఎం25 కాంక్రీటు, 100 క్యూబిక్ మీటర్లు, రేటు రూ.3,900.

ఒక్కో ఐటమ్‌కు ఒక క్యూబిక్ మీటరు చొప్పున రేటు విశ్లేషణ పంపగలరు. సామగ్రి ఎంత, ఎక్కడి నుంచి, ఏ ధరకు. కూలీలు, యంత్రాలు, డీజిల్ ఎంత. ఆఫీసు ఖర్చులు, లాభం ఎంత అన్నది విడివిడిగా చూపాలి. ధరలకు ఆధారమైన కొటేషన్లు, ఒప్పందాలు, యంత్రాల యాజమాన్య పత్రాలు జతచేయాలి.

ఈ వివరణ వల్ల మీ బిడ్‌లోని ఏ రేటూ, ఏ షరతూ మారదు. మార్పును మేము కోరడం లేదు, మీరు సూచించినా అంగీకరించబడదు. ఈ నెల ఫలానా తేదీ సాయంత్రం 5 గంటలలోగా మీ జవాబు అందకపోతే మీ బిడ్ తిరస్కరణకు గురికావచ్చు.

లేఖ ఇంతే. ఇందులో ఉన్న మాటలకంటే లేని మాటలను గమనిస్తే దీని నేర్పు అర్థమవుతుంది. శాఖ ఎస్టిమేట్‌లో ఆ ఐటమ్‌కు ఎంత వేశారో ఇందులో చెప్పలేదు. శాఖ చేసిన విశ్లేషణ చేతికిస్తే, బిడ్డరు దాన్నే ఎదురుగా పెట్టుకుని ఒక్కో అంకెనూ కొంచెం కొంచెం చెక్కి తన రేటుకు సరిపెట్టి పంపుతాడు. అతని లెక్క అతని నోటివెంటే రావాలి. అలాగే ‘మీరు మోసం చేస్తున్నట్టుంది’ అన్న ధ్వని ఎక్కడా లేదు. ఇంకా ఏమీ రుజువు కాలేదు.

ఆఫీసుల్లో తరచూ జరిగే పొరపాటు ఇంకొకటుంది. ‘ఐటమ్ 4కు మీ రేటు తక్కువగా ఉంది. ఆ రేటుకే పని చేస్తారని ధ్రువీకరించండి’ అని రెండు వాక్యాలు రాసి పంపేస్తారు. దానికి వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: ‘ధ్రువీకరిస్తున్నాం.’ అడిగింది అవును, కాదు అని చెప్పమని కనుక అవును అని చెప్పాడు. రేపు పని సగంలో ఆగితే ఆ కాగితం వల్ల ఏ ఉపయోగమూ ఉండదు. విశ్లేషణ అడిగితే అలా తప్పించుకోవడం కుదరదు. అంకెలు రాయక తప్పదు, అంకెలను సరిచూడవచ్చు.

రేటు మారదన్న వాక్యం లేఖకు వెన్నెముక. బిడ్లు తెరిచాక అందరి రేట్లూ తెలిసిపోతాయి. అప్పుడు ‘పొరపాటున 60 వేశాం, 600 అనుకోండి’ అనడానికి ఎల్-1కు వీలిస్తే, ఎల్-2 కంటే రూపాయి తక్కువ ఉండేలా సర్దుకోవడం అతనికి పెద్ద పని కాదు. నిజంగానే సున్నా జారిపోయినా అంతే. కూడికలు, గుణకారాల్లో తప్పును కమిటీ సరిదిద్దవచ్చు కానీ, రేటునే మార్చనివ్వకూడదు. బిడ్డరు తాను వేసిన రేటుకు నిలబడాలి, లేదా వెనక్కి పోయి ఈఎండీ వదులుకోవాలి. ఇటునుంచి శాఖ కూడా ఈ లేఖను బేరానికి వాడుకోకూడదు. టెండరు తర్వాత బేరాలు మామూలుగా వద్దనీ, తప్పనిసరి సందర్భాల్లోనూ ఎల్-1తో మాత్రమేననీ సెంట్రల్ విజిలెన్స్ కమిషన్ 2007 మార్చిలోనే స్పష్టం చేసింది.

కాంక్రీటు నిలబడింది

వారానికి జవాబు వచ్చింది. ముందు ఐటమ్ 11 సంగతి.

శాఖ లెక్క ప్రకారం ఒక క్యూబిక్ మీటరు ఎం25 కాంక్రీటుకు 7 బస్తాల సిమెంటు, బస్తా 340 చొప్పున 2,380 రూపాయలు. ఇసుక 0.45 క్యూబిక్ మీటరు, 1,400 చొప్పున 630. కంకర 0.9 క్యూబిక్ మీటరు, 1,300 చొప్పున 1,170. సామగ్రికే 4,180 అయింది. కలపడం, పోయడం, వైబ్రేటర్, నీళ్లు పట్టడం అన్నీ కలిపి 900. దాని మీద 10 శాతం ఆఫీసు ఖర్చులు, ఆ పైన 10 శాతం లాభం వేస్తే సుమారు 6,150 వస్తుంది. సెంట్రింగు వేరే ఐటమ్. బిడ్డరు వేసింది 3,900. సామగ్రి ఖర్చు కూడా రాని రేటు.

అతని విశ్లేషణ ఇలా ఉంది. కంకర తన సొంత క్రషర్ నుంచి వస్తుంది, సైటుకు చేరేసరికి 700 పడుతుంది, కాబట్టి 630. నది ఇసుక బదులు అదే క్రషర్‌లోని రోబో శాండ్, 800 చొప్పున 360. వేరే పెద్ద పని ఒకటి నడుస్తుండటంతో సిమెంటును కంపెనీ నుంచి నేరుగా లోడ్ల లెక్కన తీసుకుంటున్నాడు, బస్తా 300 చొప్పున 7 బస్తాలకు 2,100. సామగ్రి మొత్తం 3,090. ఆ పని కోసం పెట్టిన బ్యాచింగ్ ప్లాంటు దగ్గర్లోనే ఉంది కనుక కలపడం, రవాణా, పోయడం అంతా 600. మొత్తం 3,690. మిగిలిన 210 రూపాయల్లోనే ఆఫీసు ఖర్చులు, లాభం.

ఈ జవాబును ఎలా చదవాలి? ముందు అంకెలన్నీ కలిపితే సరిగ్గా 3,900 వస్తుందో లేదో చూడాలి. తర్వాత ధరలకు ఆధారాలు చూడాలి. క్రషర్ లీజు పని పూర్తయ్యేదాకా అమల్లో ఉంటుందా, సిమెంటు కొటేషన్ మీద తేదీ ఏమిటి, ప్లాంటు నిజంగా అక్కడ ఉందా అన్నది ఏఈ బండి వేసుకుని వెళ్లి చూసి రావచ్చు. కూలీ లెక్కలో రోజు కూలి కనీస వేతనం కంటే తక్కువగా ఉంటే ఆ జవాబు అక్కడితో సరి. అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసింది పరిమాణాలను. ఈ బిడ్డరు ధరలు తగ్గించాడు కానీ సిమెంటు మాత్రం 7 బస్తాలే చూపాడు. ధర తగ్గించినవాడు తన లాభం తగ్గించుకున్నాడు. బస్తాలు తగ్గించినవాడు తూము బలం తగ్గించాడు. ఒకవేళ ధరలన్నీ బజారు రేట్లకే చూపి, సిమెంటును 5 బస్తాలుగా రాసి ఉంటే, అంటే 250 కిలోలు వేసి ఉంటే, మిగతా కాగితాలు తిరగేయనక్కర్లేదు. ఇనుము వేసిన కాంక్రీటుకు తేలికపాటి వాతావరణంలో కూడా క్యూబిక్ మీటరుకు కనీసం 300 కిలోల సిమెంటు ఉండాలని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. అప్పుడు ఆ జవాబు వివరణ అనిపించుకోదు. నాసిరకం పని చేస్తామని ముందే రాసిచ్చిన కాగితం అవుతుంది.

210 రూపాయలు సన్నని లాభమే. కానీ అది అతని వ్యాపార నిర్ణయం. లెక్క కుదిరింది, ఆధారాలు ఉన్నాయి. ఐటమ్ 11 మీద అభ్యంతరం లేదని ఏఈ నోట్ రాశాడు.

రాయి నిలబడలేదు

ఐటమ్ 4 దగ్గరికి వచ్చేసరికి జవాబు తీరు మారింది. పట్టిక లేదు. దాని బదులు మూడు వాక్యాలున్నాయి: ‘మాకు సొంత యంత్రాలున్నాయి. అనుభవం గల సిబ్బంది ఉన్నారు. వేసిన రేటుకే నాణ్యంగా పని పూర్తి చేస్తామని హామీ ఇస్తున్నాం.’

అడిగింది అంకెలు, వచ్చింది హామీ. ఇలాంటప్పుడు ఆ అంకెలేవో ఆఫీసే వేసి చూసుకోవాలి. రాయి పగలగొట్టే బ్రేకర్ బిగించిన ఎక్స్‌కవేటర్ అద్దె గంటకు 2,000 అనుకుందాం. గట్టి రాయిలో అది గంటకు 6 క్యూబిక్ మీటర్లు పగలగొడుతుందనుకుంటే, ఒక్కో క్యూబిక్ మీటరుకు 333 రూపాయలు. అరవై రూపాయలకు ఆ మెషీన్ రెండు నిమిషాలు కూడా నడవదు. సొంత యంత్రం కదా, అద్దె లేదు అంటాడు. డీజిల్ ఉందిగా. గంటకు 12 లీటర్లు, లీటరు 95 చొప్పున 1,140. ఆరుతో భాగిస్తే క్యూబిక్ మీటరుకు 190. ఆపరేటర్ జీతం, అరిగిపోయే ఉలి, పగిలిన రాయిని ఎత్తి గట్టు మీద పోయడం ఏవీ లెక్కలోకి రాకముందే డీజిల్ ఒక్కటే వేసిన రేటుకు మూడింతలు దాటింది. 2,000 క్యూబిక్ మీటర్లు పగలగొడితే డీజిల్ మీదే రెండు లక్షల అరవై వేలు నష్టం.

మరి ఎందుకు వేశాడు? జవాబు ఒక వరుస పైనే, ఐటమ్ 3లో ఉంది. మామూలు నేల తవ్వకానికి శాఖ అంచనా 150. అతను వేసింది 450. దీనికీ విశ్లేషణ రాలేదు, ‘స్థానిక పరిస్థితుల దృష్ట్యా’ అన్న ఒక మాట తప్ప.

అసాధారణంగా తక్కువ రేటు ఒంటరిగా రావడం అరుదు. దాని జత ఎక్కడో ఉంటుంది. అందుకే లేఖలో తక్కువ రేటుతో పాటు ఎక్కువ రేటునూ అడగాలి. రెండూ పక్కపక్కన పెడితే బిడ్డరు మనసులో ఏముందో కనిపిస్తుంది. కాలువ దారిలో శాఖ చెప్పినంత రాయి లేదని అతనికి తెలుసు. ఏ స్థానిక మేస్త్రీ చెప్పాడో, టెండరు వేసే ముందు తనే జేసీబీ పెట్టి నాలుగు గుంతలు తీసి చూశాడో. ఐటమ్ రేటు పనిలో బిల్లు కట్టేది షెడ్యూల్‌లో రాసిన పరిమాణానికి కాదు. నిజంగా తవ్వింది కొలిచి, ఎం-బుక్‌లో రాసిన పరిమాణానికి. రాదని తెలిసిన రాయికి ఎంత తక్కువ వేసినా నష్టం లేదు. పెరుగుతుందని తెలిసిన మట్టికి ఎంత ఎక్కువ వేస్తే అంత లాభం.

ఇద్దరు బిడ్డర్లతో పోల్చి చూద్దాం. ఎల్-2 రాయికి 580, మట్టికి 145, కాంక్రీటుకు 5,900 వేశాడు. మిగతా ఐటమ్‌లన్నీ ఇద్దరికీ సమానం. షెడ్యూల్ పరిమాణాలతో చూస్తే తవ్వకానికి ఎల్-1 మొత్తం 14 లక్షల 70 వేలు, ఎల్-2 మొత్తం 15 లక్షల 95 వేలు. కాంక్రీటులో ఇంకో రెండు లక్షల తేడా. అంటే ఎల్-1 మూడు లక్షల పాతిక వేలు చౌక. టెండరు గెలిచేశాడు.

ఇప్పుడు కాలువ తవ్వాక రాయి 200 క్యూబిక్ మీటర్లే తేలి, మిగతా 4,800 మట్టే అయిందనుకుందాం. ఎల్-1 తవ్వకం బిల్లు 21 లక్షల 72 వేలు. అదే పనికి ఎల్-2కు అయ్యే బిల్లు 8 లక్షల 12 వేలు. కాంక్రీటులో మిగిలిన రెండు లక్షలు పోగా, చౌక అనుకున్న కాంట్రాక్టరుకు శాఖ 11 లక్షల 60 వేలు ఎక్కువ కడుతుంది. అరవై రూపాయల రేటులో దాతృత్వం లేదు, నష్టమూ లేదు. రాయి రాదన్న పందెం ఉంది.

ఆ పందెం తప్పితే కథ ఇంకోలా నడుస్తుంది. రాయి నిజంగానే 2,000 క్యూబిక్ మీటర్లు వస్తే, మట్టి బిల్లులు తీసుకున్నంతకాలం యంత్రాలు సైట్‌లో ఉంటాయి. రాయి తగిలిన చోట పని నెమ్మదిస్తుంది, ఆ తర్వాత ఆగుతుంది. నోటీసులు వెళ్తాయి. తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీర్లకూ కాంట్రాక్టర్లకూ బాగా తెలిసిన 60(సీ) క్లాజ్ అప్పుడు బయటికొస్తుంది. ఆ క్లాజ్ కింద పనిలో కొంత భాగాన్ని తీసేసి, అతని ఖర్చు మీద ఇంకొకరికి అప్పగించవచ్చు. అదంతా జరిగేసరికి రెండు వానాకాలాలు వెళ్లిపోతాయి. చెరువుకు నీళ్లు రావు.

ఇక నిర్ణయం

జవాబు తృప్తిగా లేదని తేలాక కమిటీ ముందు దారులు కొన్నే ఉంటాయి. రేట్లు ఇలా ఒక పక్కకు ఒరిగిన బిడ్ల విషయంలో ప్రపంచ బ్యాంకు టెండరు పత్రాలు మూడు చెబుతాయి. అలాగే అంగీకరించవచ్చు. కాంట్రాక్టు విలువలో 20 శాతం మించకుండా పెర్‌ఫార్మెన్స్ సెక్యూరిటీ పెంచమని అడగవచ్చు. తిరస్కరించవచ్చు. ఏది చేసినా కారణం ఫైలులో రాయాలి. లేఖ తేదీ, జవాబు తేదీ, ఏ ఐటమ్‌లో ఏ అంకె ఎందుకు నమ్మశక్యంగా లేదో వరుసగా ఉండాలి. ‘జవాబు సంతృప్తికరంగా లేదు’ అన్న ఒక్క వాక్యంతో తిరస్కరిస్తే కోర్టులో అది నిలబడటం కష్టం. గంటకు 12 లీటర్ల డీజిల్ లెక్క రాస్తే నిలబడుతుంది.

సెక్యూరిటీ పెంచడం ఈ పనికి మందు కాదు. పని వదిలేసి పోయేవాడి నుంచి అది శాఖను కాపాడుతుంది. ఇక్కడ ప్రమాదం వదిలేసి పోతాడన్నది ఒక్కటే కాదు. పూర్తిచేసి, మట్టికి 450 చొప్పున బిల్లు తీసుకుంటాడన్నది ఇంకా పెద్ద ప్రమాదం.

లేఖ చేసిన ఇంకో మేలు కూడా ఉంది. బిడ్డరుకు తెలిసింది శాఖకు ఎందుకు తెలియలేదన్న ప్రశ్నను అది శాఖ మీదికే తిప్పింది. ఎస్టిమేట్ ఫైలు తిరగేస్తే, రెండు కిలోమీటర్ల కాలువకు ట్రయల్ పిట్లు రెండే తీసినట్టు తేలింది. రెండూ ఒక గుట్ట పక్కన, రాయి పైకి తేలిన చోటే. ఆ రెండు గుంతల్లో కనిపించిన రాయిని కాలువ పొడవునా పరిచి 2,000 క్యూబిక్ మీటర్లు అని రాసేశారు. ఆ పరిమాణం సరిగ్గా ఉండి ఉంటే, 60 రూపాయల రేటు వేసే ధైర్యం ఏ కాంట్రాక్టరుకూ ఉండేది కాదు.

ఇక్కడ కమిటీ ఒక ఆకర్షణకు లొంగకూడదు. కొత్త పరిమాణాలతో లెక్క మళ్లీ వేసి, ఎల్-2ను ఎల్-1గా ప్రకటించడం తేలికగా కనిపిస్తుంది. కానీ బిడ్లను పోల్చేది టెండరు పిలిచినప్పుడు ప్రకటించిన పరిమాణాలతోనే. ఆట అయ్యాక గోల్‌పోస్టు జరపకూడదు. మన ఉదాహరణలో కమిటీ ఆ బిడ్‌ను కారణాలతో తిరస్కరించి, పరిమాణాలే తప్పు కనుక టెండరును రద్దు చేసింది. జేసీబీ ఒక రోజంతా తిరిగి, కాలువ దారిలో వంద మీటర్లకు ఒకటి చొప్పున గుంతలు తీసింది. కొత్త షెడ్యూల్‌లో గట్టి రాయి 200 క్యూబిక్ మీటర్లు, సాధారణ నేల 4,800 అని పడింది. ఆ పట్టికలో ఎవరైనా మళ్లీ రాయికి 60, మట్టికి 450 వేస్తే తవ్వకం మొత్తం 21 లక్షల 72 వేలని మొదటి రోజే తెర మీద కనిపిస్తుంది, ఆ బిడ్ ఎల్-1 దరిదాపులకు కూడా రాదు.